కవితను పైకి చదివితే బయటపడే అతుకులు: ఒక చిన్న కవితపై చర్చ

బుచ్చిరెడ్డిపాళెం నుంచి ఒక సభ్యురాలు: పెద్దలకు నమస్కారం. నేను రాసిన అయిదు పాదాల వచన కవితను ఇక్కడ ఉంచుతున్నాను. మనసులో చదువుకున్నప్పుడు సాఫీగానే అనిపిస్తుంది కాని, ఇంట్లో పైకి చదివితే ఎక్కడో తట్టుకుంటున్నాను. ఆ చోటేదో నాకు తెలియడం లేదు. దయచేసి చెప్పగలరు.

ఎండిన పెన్న ఇసుకలో
అడుగుల గుర్తులు లెక్కపెడుతూ
వెళ్ళిన వాళ్ళ కాళ్ళ నీళ్ళ జాడ గురించి
అవ్వ అడుగుతూ ఉంటుంది
ఇంకా ఎవరూ రాలేదా అని

కావలి నుంచి ఒక సభ్యుడు: మూడో పాదమే అక్కా. 'వెళ్ళిన వాళ్ళ కాళ్ళ నీళ్ళ' అంటూ నాలుగు ళ్ళకారాలు వరుసగా పడ్డాయి. నేను చదివినప్పుడు మూడో మాటకు వచ్చేసరికి 'కాల్ల' అయిపోయింది. అది తీసేస్తే మిగిలినదంతా బాగుంది.

ఆత్మకూరు నుంచి ఒక సభ్యురాలు: మా అమ్మాయి బడిలో పద్యాల పోటీకి సిద్ధమవుతోంది. ళకారం అసలు పలకడం లేదు, 'కళ్ళు'ను 'కల్లు' అంటుంది. దీనికి ఏదైనా అభ్యాసం ఉంటే చెప్పండి.

ఒంగోలు నుంచి విశ్రాంత తెలుగు పండితులు: ఆత్మకూరు అమ్మాయి సంగతి ఉచ్చారణకు సంబంధించినది కాబట్టి దాన్ని వేరుగా మాట్లాడుకుందామమ్మా. ఇక్కడ ఉన్నది నోరు తిరిగినవాళ్ళు కూడా తడబడే చోటు ఎక్కడన్న ప్రశ్న.

కావలి అబ్బాయి చెప్పింది నిజమే. నాలుకను నాలుగుసార్లు వెనక్కి మడిచి విడవాలి, మధ్యలో దానికి విశ్రాంతినిచ్చే అక్షరాలు చాలవు. అయితే ఇది ఎవరికైనా కనబడే తడబాటు. అసలు చిక్కు చివరి పాదంలో ఉంది, అక్కడ నాలుక ఎంత మాత్రం తడబడదు. 'ఇంకా ఎవరూ' అన్నదాన్ని మామూలు వేగంతో చదవండి. రెండు అచ్చులు పక్కపక్కన ఉంటే తెలుగు నోరు వాటిని కలపకుండా ఊరుకోదు కాబట్టి 'ఇంకెవరూ' అవుతుంది. 'ఇంకా ఎవరూ రాలేదా' అంటే ఇంతవరకు ఒక్కరూ రాలేదా అని అర్థం, 'ఇంకెవరూ రాలేదా' అంటే వచ్చినవాళ్ళు కాక వేరే ఎవరూ రాలేదా అని అర్థం. ఆ తరువాత 'రాలేదా అని' అన్నది కలిసిపోతే 'రాలేదని' అవుతుంది. అప్పుడు అవ్వ ప్రశ్న కాస్తా కవి చెప్పే వార్తగా మారిపోతుంది. కాగితం మీద ఈ రెండు అతుకులూ కనబడవు, ఎందుకంటే ఖాళీలు కళ్ళకే ఉంటాయి, చెవికి ఉండవు.

కావలి సభ్యుడు: మాస్టారూ, చిన్న సందేహం. దీర్ఘం మీద సంధి జరగదు కదా? 'రాలేదా' చివర ప్రశ్నార్థకమైన ఆకారం ఉంది. వ్యాకరణం ప్రకారం 'రాలేదా అని' విడిగానే నిలవాలి.

ఒంగోలు పండితులు: వ్యాకరణం నువ్వు చెప్పినట్టే ఉంది నాయనా, రాసిన ఆవిడ తప్పేమీ చేయలేదు. కాని చదివేవాడు తొందరలో ఆ దీర్ఘాన్ని కుదించేస్తాడు, వినేవాడి చేతిలో కాగితం ఉండదు. అలాగని అచ్చుల కలయిక ప్రతిచోటా తప్పే అనుకోవద్దు. మొదటి పాదంలో 'పెన్న ఇసుక' కలిసి 'పెన్నిసుక' అయినా ఎవరికీ అర్థం చెడదు, దాన్ని వదిలేయవచ్చు. నాలుగో పాదంలోని 'అవ్వ అడుగుతూ' కలిసి 'అవ్వడుగుతూ' అవుతుంది, అక్కడ అవ్వ అనే మనిషే సగం మాయమవుతుంది కాబట్టి దాన్ని చూసుకోవాలి. పద్యంలో అయితే ఏది కలవాలో ఏది విడిగా ఉండాలో గణాలు లెక్కపెట్టేటప్పుడే తేలిపోతుంది. వచన కవితలో ఆ నిర్ణయం చదివేవాడి ఊపిరి మీద పడుతుంది.

సింగరాయకొండ నుంచి రంగస్థల పద్య కళాకారులు: అయ్యా, నేను ఏ పద్యాన్నయినా రాగం తీసి పాడి చూసుకుంటాను. పాడితే నిలిచిందంటే రచన బాగున్నట్టే లెక్క. ఈ కవితను కూడా అలా పాడి చూడమనండి.

ఒంగోలు పండితులు: మీ గొంతుకు నమస్కారం, కాని పరీక్షకు మాత్రం రాగం పనికిరాదు. రాగంలో 'ఇంకా' చివరి దీర్ఘాన్ని మీకు ఇష్టమైనంతసేపు సాగదీస్తారు, 'ఎవరూ' ఎత్తుకునేలోగా ఊపిరి తీసుకుంటారు, అతుకు దాని కింద కప్పబడిపోతుంది. ముందు రాగం లేకుండా, పక్కవాళ్ళతో మాట్లాడే గొంతుతో చదివితేనే లోపం చెవిన పడుతుంది. రాసినవాళ్ళు తామే చదువుకుంటే ఇదే ఇబ్బంది ఉంటుంది. ఎక్కడ ఆగాలో ముందే తెలుసు కాబట్టి తెలియకుండానే సర్దుకుంటూ చదువుతారు. కవితను ఎప్పుడూ చూడని మనిషి చేతికిచ్చి, ఏమీ చెప్పకుండా చదివించి, మీరు పక్కన కూర్చుని ఆగినచోట ఒక గీత, మళ్ళీ మొదలుపెట్టినచోట రెండు గీతలు పెట్టుకోండి. ఆ చదివిందాన్ని కాగితం చూడని ఇంకొకరి చేత రాయించండి. వాళ్ళు రాసినదాన్ని మీ రాతతో పోల్చి చూస్తే అతుకులన్నీ బయటపడతాయి.

సింగరాయకొండ కళాకారులు: మాట్లాడే గొంతుతో చదివితే పద్యం వార్తలు చదివినట్టు ఉంటుంది కదండీ. వచన కవితకు మీ మాట ఒప్పుకుంటాను, పద్యానికి మాత్రం ఒప్పుకోను.

బుచ్చిరెడ్డిపాళెం సభ్యురాలు: ఈ సాయంత్రం మా తోడికోడలి చేత చదివించి, మేనకోడలి చేత రాయించాను. మూడో పాదం దగ్గర మా తోడికోడలు ఆగి నవ్వేసింది. చివరి పాదాన్ని మేనకోడలు 'ఇంకెవరూ రాలేదని' అనే రాసింది! ళ్ళకారాలు మాత్రం కావాలనే పెట్టుకున్నాను మాస్టారూ, తడికాళ్ళతో నడిచే చప్పుడు వినిపించాలని.

ఒంగోలు పండితులు: ఆ ఉద్దేశం మంచిదే. రెండు ళ్ళకారాలు ఉంటే చప్పుడుగా వినబడుతుంది, నాలుగు ఉంటే పిల్లల చేత పలికించే నోరు తిరగని వాక్యమవుతుంది, మీ తోడికోడలు నవ్వింది అందుకే. ఇక పాదాల చివరలు చూడండి. 'ఇసుకలో', 'లెక్కపెడుతూ', 'గురించి' మూడూ వాక్యం పూర్తికాని చోట్లు కాబట్టి, చదివేవాళ్ళ గొంతు ప్రతిసారీ పైకి లేచి అక్కడే వేలాడుతుంది. నాలుగో పాదంలో దిగుతుంది, కాని దిగేది 'ఉంటుంది' అనే బరువు లేని మాట మీద. అయిదో పాదం 'అని'తో జారిపోతుంది. మీ కవితలో అతి ముఖ్యమైన మాట ఏ పాదం చివరా లేదు.

కావలి సభ్యుడు: మూడో పాదంలో 'పోయినవారి పాదాల తడి' అంటే ళ్ళకారాలు ఒక్కటీ ఉండవు.

ఆత్మకూరు సభ్యురాలు: పోయినవారంటే చనిపోయినవాళ్ళన్న అర్థం వస్తుంది తమ్ముడూ! అవ్వ ఎదురుచూస్తున్నది ఊరు విడిచి వెళ్ళినవాళ్ళ కోసం కాదా?

బుచ్చిరెడ్డిపాళెం సభ్యురాలు: అవునమ్మా, బతకడానికి వెళ్ళినవాళ్ళే. మాస్టారు చెప్పినవన్నీ చూసుకుని ఇలా మార్చాను.

ఎండిన పెన్న ఇసుకలో అవ్వ
అడుగుల గుర్తులు లెక్కపెడుతుంది
వెళ్ళినవాళ్ళ పాదాల తడి ఏదీ
రోజూ మమ్మల్నే అడుగుతుంది
ఎవరూ రాలేదా ఇంకా

ఒంగోలు పండితులు: 'అవ్వ' పాదం చివరికి రావడంతో తరువాతి 'అడుగుల'తో కలవకుండా ఊపిరి అడ్డుపడుతుంది. 'తడి ఏదీ' కలిసినా అర్థం చెడదు. 'ఇంకా' చివరికి వెళ్ళాక దాని తరువాత కలవడానికి అచ్చే లేదు, దీర్ఘం నిండుగా నిలుస్తుంది; దాని ముందున్న 'రాలేదా' దీర్ఘాన్ని మాత్రం కుదించకుండా చదవాలి. 'అని' పోయినందువల్ల ఆ గొంతు నేరుగా అవ్వదే అయింది. రెండో పాదం, నాలుగో పాదం ఒకే '-తుంది'తో ముగియడం నా చెవికి కొంచెం పాటలా ఉంది, మీకు ఇష్టమైతే ఉంచండి.

సింగరాయకొండ కళాకారులు: నాకు ఆ '-తుంది'తో ఇబ్బంది లేదు. 'ఎవరూ రాలేదా ఇంకా' అన్నదే విసుగ్గా వినబడుతోంది. మొదటి రాతలో అవ్వ ఆశగా అడిగింది, ఇప్పుడు నిలదీస్తున్నట్టుంది.

బుచ్చిరెడ్డిపాళెం సభ్యురాలు: మా మేనకోడలు ఈసారి తప్పు లేకుండా రాసింది. విసుగు సంగతి ఆమెకు కూడా తోచింది. అయినా మా అవ్వ నిజంగానే అలా అడిగేది కాబట్టి, ఆ మాటను మార్చాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.