క్రాస్ డాకింగ్ పెట్టాక సరుకు డాక్ మీదే ఆగిపోతోంది, ఏం చేయాలి?

మా డిస్ట్రిబ్యూషన్ సెంటర్‌లో రోజూ కదిలే కొన్ని ఐటమ్స్‌కి క్రాస్ డాకింగ్ మొదలుపెట్టాం. ర్యాక్‌లో పెట్టడం, మళ్లీ తీయడం తప్పితే కూలీ ఖర్చు మిగులుతుందని లెక్క. నిన్న 24 ప్యాలెట్లు దిగాయి. ముందే స్టోర్ల ఆర్డర్లకు కేటాయించిన 15 ప్యాలెట్లు రెండు గంటల్లో బండెక్కాయి. మిగతా 9 సాయంత్రం దాకా డాక్ మీదే ఉన్నాయి. వాటికి స్టోర్ లేబుల్ లేదు, సప్లయర్ ముందుగా పంపిన వివరాల్లో ప్యాలెట్‌వారీ లెక్కా లేదు. విప్పి, లెక్కపెట్టి, చివరికి ర్యాక్‌కే ఎక్కించాం. అంటే మామూలు పద్ధతి కన్నా ఒకసారి ఎక్కువే మోశాం.

సప్లయర్ లేబుళ్లు వేసి పంపేదాకా, కేటాయింపు ఉన్న ప్యాలెట్లకే దీన్ని పరిమితం చేయాలా? వెళ్లాల్సిన బండి ఆలస్యమైతే మీరు ఎన్ని గంటలు చూసి ర్యాక్‌కి పంపేస్తారు? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.