బూడిద ఆకాశం మార్చాక ఆకుల అంచున ఊదా గీత, ఇంటి కప్పుకి ఎరుపు

గాలిపటం
ఫొటోలో ఎడమవైపు పెద్ద చెట్టు, కుడి మూలన పెంకుటిల్లు. ఆకాశం మాత్రం కాగితం అతికించినట్టు చప్పగా ఉంది. ఫొటోషాప్‌లో Sky Replacement తో మబ్బుల ఆకాశం పెట్టాను. దూరం నుంచి బాగానే ఉంది. 200 శాతానికి పెంచి చూస్తే ఆకుల చుట్టూ ఊదా గీత, దాన్ని ఆనుకుని తెల్లటి గీత, కప్పు అంచున ఎరుపు. Shift Edge జరిపితే గీతతో పాటు చిన్న ఆకులూ మాయమవుతున్నాయి. రా ఫైల్ ఉంది. ఏం చేయాలి?

మూడోకన్ను
ఎపర్చర్ పూర్తిగా తెరిచి తీసుంటారు. ఎఫ్/8 పెట్టి తీస్తే ఈ రంగుల గొడవే ఉండదు.

పాతలెన్సు
సగమే నిజం. ఆకుల చుట్టూ అన్ని వైపులా ఉన్న ఊదా అయితే ఎపర్చర్ మూస్తే తగ్గుతుంది. కప్పు మీది ఎరుపు వేరే జాతి. ఫొటో మూలల్లోనే ఎక్కువగా ఉంటుంది, ఎంత మూసినా పోదు. ఇంటి మీద యాంటెన్నా కడ్డీ లాంటిది ఉంటే చూడండి: ఒక పక్క ఎరుపు, రెండో పక్క నీలిపచ్చ కనిపిస్తే అదే. అయినా ఫొటో తీసేశారు కదా, ఇప్పుడు ఎపర్చర్ సంగతి ఎందుకు.

గాలిపటం గారూ, మీ అసలు పొరపాటు వరసలో ఉంది. ఆకాశం మార్చాక రంగు గీతలు తుడవబోతే అవి కొత్త నీలంతో కలిసిపోయి చేతికి దొరకవు. మళ్లీ రా నుంచి మొదలుపెట్టండి. Remove Chromatic Aberration టిక్ చేస్తే కప్పు ఎరుపు చాలావరకు పోతుంది. ఊదాకి Defringe లో Purple Amount ని కొద్దికొద్దిగా పెంచి, గీత బూడిదగా మారగానే ఆపండి. ఫొటోలో ఊదా పువ్వులుంటే వాటి అంచులు కూడా వెలిసిపోతాయి, చూసుకోండి.

గాలిపటం
చేశాను. ఊదా పోయింది, బూడిద గీత మిగిలింది. పాత ఆకాశం మీద కనిపించలేదు, నీలం పెట్టగానే బయటపడింది!

పాతలెన్సు
బయటపడుతుంది మరి. ఆకు అంచు పిక్సెల్‌లో సగం ఆకు, సగం పాత ఆకాశం కలిసి ఉంటాయి. మాస్క్ ఎంత నైపుణ్యంగా గీసినా ఆ సగం బూడిద వెంట వస్తుంది. కాబట్టి చెట్టు దగ్గర కత్తిరించడం మానేయండి. కొత్త ఆకాశం లేయర్‌ని ఫొటో పైన పెట్టి Multiply చేయండి. కింద ఫొటో మీద Levels వేసి, తెలుపు త్రికోణాన్ని పాత ఆకాశం విలువ దాకా లాగండి. Info లో ఆకాశం 205 చూపిస్తే 255 ని 205 చేయండి. పాత ఆకాశం తెల్లబడుతుంది, కొత్తది ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. అంచులో ఉన్న బూడిద వాటా కూడా అదే లెక్కన కొత్త ఆకాశం రంగు తీసుకుంటుంది. ఈ రెండు లేయర్లకీ మాస్క్ ఉండాలి, కానీ వదులుగా, చెట్టు అంచుని దాటి కాస్త లోపలికి వచ్చేలా బ్రష్‌తో వేస్తే చాలు. చెట్టు నడిబొడ్డులోకి మాత్రం రానీయకండి, మెరిసే ఆకులు నీలంగా మారతాయి.

ఒక చిక్కు. చప్పటి ఆకాశం కూడా కింద ఒకలా, పైన ఒకలా ఉంటుంది. మూడు నాలుగు చోట్ల కొలవండి. తేడా ఎక్కువైతే రెండు Levels వేసి గ్రేడియంట్‌తో కలపండి.

మేడమీది
నాదీ ఇదే సమస్య. ఫోన్ ఫొటో, ఇంటి అంచంతా తెల్ల గీత. Defringe చివరిదాకా, 20 వరకు లాగాను, చలనం లేదు.

పాతలెన్సు
ఇదే సమస్య కాదండీ. మీ గీతకి రంగే లేదు, Defringe దేన్ని తీస్తుంది? అది ఫోన్ చేసిన షార్పెనింగ్. ఆకాశం మార్చక ముందే క్లోన్ స్టాంప్‌ని Darken మోడ్‌లో పెట్టి, పక్కనున్న ఆకాశాన్ని తీసుకుని గీత మీద రాయండి. ఆకాశం కన్నా తెల్లగా ఉన్న పిక్సెళ్లే మారతాయి, కప్పు జోలికి పోదు.

గాలిపటం
చెట్టు అదిరింది, సన్న కొమ్మలు కూడా నిలిచాయి. కప్పు దగ్గర మాత్రం సున్నం వేసిన గోడ నీలంగా అయింది.

పాతలెన్సు
లేత రంగు వస్తువు మీద Multiply పనికిరాదు. కప్పుకి, గోడకి పెన్ టూల్‌తో గీత గీసి మాస్క్ చేయండి. అర పిక్సెల్ ఫెదర్ చాలు, గీతని అంచుకి ఒక పిక్సెల్ లోపలే ఉంచండి. తిన్నటి అంచు కాబట్టి ఆ ఒక్క పిక్సెల్ పోయినా ఎవరికీ తెలియదు.

మూడోకన్ను
ఎఫ్/8 మాట సగం వెనక్కి తీసుకుంటున్నా. కానీ నేలమీద నీడలే లేవు, ఎండ కాస్తున్న ఆకాశం పెడితే అంచులు ఎంత బాగున్నా అతకదు. పలచటి మబ్బులది పెట్టండి.

గాలిపటం
నిజమే, మార్చాను. ఒక్కటి తేలలేదు: తెల్ల గోడ ముందుకి వేలాడుతున్న రెండు కొమ్మలు కప్పు దాటి ఆకాశంలోకి వెళ్తున్నాయి. గోడ మాస్క్‌కీ చెట్టు మాస్క్‌కీ మధ్య అతుకు కనిపిస్తోంది.

పాతలెన్సు
అక్కడ నేనూ చేత్తో ఆకు ఆకూ రాస్తాను. ఇంతకన్నా తేలిక దారి నాకు దొరకలేదు. ఎవరికైనా దొరికిందా?