వన్‌వే స్లాబు L/d దగ్గర ఫెయిలైతే: మందం పెంచాలా, స్టీలు పెంచాలా?

కొత్త డిజైనర్: ఎఫెక్టివ్ స్పాన్ 3.5 మీటర్లు, రెండు గోడల మీద సింప్లీ సపోర్టెడ్. మందం 150, ఎఫెక్టివ్ డెప్త్ d 125 మి.మీ. ఎం20, ఎఫ్‌ఈ 500. సొంత బరువుతో కలిపి లోడు చదరపు మీటరుకు 7.75 కిలోన్యూటన్లు. మొమెంట్‌కి 352 చ.మి.మీ. స్టీలు చాలు, 10 మి.మీ. రాడ్లు 220 మి.మీ.కి ఒకటి పెట్టాను. వంగుడు చెక్‌లో, స్పాన్‌ని d తో భాగిస్తే, L/d 28 వచ్చి ఫెయిలైంది. సీనియర్ మందం 175 చేయమంటున్నారు. స్టీలు పెంచి సరిపెట్టకూడదా?

పాతకాపు: ఫెయిలెక్కడ? స్పాన్‌ని 35తో భాగించు, 100 వస్తుంది. నీది 150. టెన్షనెందుకు?

గీతల మాస్టారు: పాతకాపు గారూ, ఆ 35 చిన్న స్పాన్ల టూవే స్లాబులకి, అదీ మైల్డ్ స్టీలుకి. వన్‌వేకి ఐఎస్ 456లో మొదలు 20, దాన్ని మాడిఫికేషన్ ఫ్యాక్టర్‌తో గుణించాలి. 220 స్పేసింగ్‌లో స్టీలు స్ట్రెస్ 286, ఫ్యాక్టర్ సుమారు 1.24, అంటే 24.8 వరకే. అదే 180కి దగ్గర చేస్తే స్ట్రెస్ 234కి దిగుతుంది, ఫ్యాక్టర్ 1.44 అవుతుంది, 28.9 దాకా వెళ్లొచ్చు. మీ 28 పాసే. రాడ్డు తక్కువ సాగితే స్లాబూ తక్కువ వంగుతుంది, కిటుకు అంతే.

సైటు మనిషి: పాసు కాగితం మీద. మా సైటులో డిస్ట్రిబ్యూషన్ రాడ్లు కింద పరిచి, మెయిన్ రాడ్లు వాటి మీద పెట్టారు. కాంక్రీటు పోసే రోజు చూశాం, అప్పటికే సగం అయిపోయింది.

గీతల మాస్టారు: 8 మి.మీ. రాడ్డు కిందికి పోతే d 117 అవుతుంది, L/d దాదాపు 30. అప్పుడు 180 కాదు, 150 స్పేసింగ్ కూడా నిలవదు. మెయిన్ రాడ్లే అడుగున ఉండాలి, కవర్ బ్లాకులు వాటి కిందే.

కొత్త డిజైనర్: డిస్ట్రిబ్యూషన్‌కి d తీసుకుని 0.12 శాతం లెక్కేశాను, 150 చ.మి.మీ. వచ్చింది. 8 మి.మీ. 330కి.

గీతల మాస్టారు: అక్కడ d కాదు, మొత్తం మందం. 180 చ.మి.మీ. కావాలి, 8 మి.మీ. 275కి పెట్టండి. 450 గరిష్ఠ దూరం చూసి ‘ఇంకా జాగా ఉంది’ అనుకోకండి. ఈ స్టీలు తక్కువైతే కాంక్రీటు కుంచించుకుపోయేటప్పుడు పగుళ్లు మెయిన్ రాడ్ల వెంబడే బారుగా వస్తాయి.

సైటు మనిషి: అచ్చంగా అవే, మాకూ వచ్చాయి. అయితే మాది క్యూరింగ్ లోపమో, స్టీలు లోపమో తేలలేదు.

సీనియర్‌వైపు: 28కి 28.9 ఒక మార్జినా? 175 చేస్తే L/d 23.3, రాడ్లు 250కి పెట్టినా 27 దాటి అనుమతి ఉంటుంది. రాడ్డు కాస్త జరిగినా భయం లేదు.

గీతల మాస్టారు: ఆ 25 మి.మీ. చదరపు మీటరుకు 0.625 కిలోన్యూటన్ల అదనపు బరువు, దాన్ని మోసేది గోడలూ పునాదులూ. ఒక్క గదైతే నేనూ 175 అంటాను. నాలుగంతస్తులైతే 150 ఉంచి, రాడ్లు 160కి పెట్టి, సైటులో నిలబడి కట్టిస్తాను.

సీనియర్‌వైపు: ప్రతి స్లాబుకీ మీరు నిలబడతారా?