ఈఎంఐలో ‘సమానం’ ఏది?

వేణువు: ఈఎంఐ అంటే ‘సమాన నెలవారీ వాయిదా’ అంటున్నారు. నా అప్పు స్టేట్‌మెంటులో చూస్తే వడ్డీ నెలనెలా తగ్గుతోంది, అసలు పెరుగుతోంది. మరి సమానం ఏమిటండీ?

చిరుజల్లు: కట్టే మొత్తం సమానం. మొత్తం వడ్డీ ముందే లెక్కేసి, మొదటి నెలల్లోనే ఎక్కువ లాగేస్తారు. మనం మధ్యలో తీర్చేస్తామని వాళ్ల భయం.

పాత లెడ్జరు: మొదటి మాట సరే. రెండోదే తేడా. ఏ నెల వడ్డీ ఆ నెల మిగిలిన బాకీ మీదే పడుతుంది, ముందుగా లాగేది ఏమీ లేదు. లక్ష రూపాయల అప్పు, ఏడాదికి 12 శాతం, 12 నెలల గడువు అనుకోండి. ఈఎంఐ సుమారు 8,885. మొదటి నెల లక్ష మీద ఒక శాతం, అంటే 1,000 వడ్డీ. మిగతా 7,885 అసలుకు జమ. ఇక బాకీ 92,115. రెండో నెల వడ్డీ దాని మీదే కాబట్టి 921కి దిగుతుంది, అసలుకు 7,964 పోతుంది. ఇలా దిగుతూ దిగుతూ ఆఖరి నెల వడ్డీ 88 రూపాయలే. పన్నెండో వాయిదాతో బాకీ సున్నా అయ్యేలా లెక్కగట్టిన మొత్తమే ఆ 8,885.

చిరుజల్లు: మరి 12 శాతం అంటే ఏడాదికి 12,000 కదా?

పాత లెడ్జరు: లక్ష ఏడాదంతా మీ దగ్గరే ఉంటే అంతే. మీరు నెలనెలా తిరిగి ఇచ్చేస్తున్నారుగా! అందుకే మొత్తం వడ్డీ 6,619 దగ్గర ఆగుతుంది. ఎవరైనా ‘ఫ్లాట్ 12 శాతం’ అంటే మాత్రం ఆ 12,000 పూర్తిగా వసూలు చేస్తారు. సంతకానికి ముందు ఏ పద్ధతో అడగండి.

కొత్త గృహప్రవేశం: మాది ఇంటిలోను. ఎనిమిది నెలలైనా వడ్డీ అస్సలు తగ్గలేదు, ఒకటే టెన్షన్. మోసమా?

పాత లెడ్జరు: ఇల్లు కడుతుండగా విడతలుగా డబ్బు తీసుకున్నారా? అయితే అది ప్రీ ఈఎంఐ కావచ్చు. అందులో వడ్డీ మాత్రమే కడతారు, అసలు కదలదు. అసలు గడిలో సున్నాలున్నాయేమో చూడండి.

కొత్త గృహప్రవేశం: సున్నాలు లేవు. నెలకు పదిహేను వందల దాకా పడుతోంది.

పాత లెడ్జరు: అయితే ప్రీ ఈఎంఐ కాదు. 20 ఏళ్ల గడువైతే తగ్గుదల మొదట్లో కంటికి ఆనదు. పది లక్షలకు 9 శాతం అయితే ఈఎంఐ సుమారు 8,997. మొదటి నెల వడ్డీకే 7,500 పోతుంది, రెండో నెల తగ్గేది పదకొండు రూపాయలు. అసలు వాటా వడ్డీని దాటేది 149వ నెలలో!

కొత్త గృహప్రవేశం: పదకొండు కూడా తగ్గలేదు సార్, మార్చిలో పెరిగింది.

వేణువు: మార్చిలో 31 రోజులని కాదా? లేక రేటు మారిందా?

పాత లెడ్జరు: రెండూ సాధ్యమే. రోజుల లెక్కన వడ్డీ వేస్తుంటే ఫిబ్రవరి కన్నా మార్చిలో పెరుగుతుంది. రేటు పెరిగితే ఈఎంఐ అలాగే ఉంచి గడువు సాగదీస్తుంటారు. మిగిలిన నెలల సంఖ్య ఎంత ఉందో చూసి చెప్పండి.