రెండు రైళ్ల లెక్క: కీలో 10, నాకు 2.77. ఎక్కడ తప్పు?

రాత్రిచదువు: రెండు గంటలుగా ఇదే లెక్క. ఒక రైలు గంటకు 72 కి.మీ., ఇంకోటి 54 కి.మీ. ఎంతసేపట్లో దాటుకుంటాయి? నాకు 2.77 వస్తోంది. కీ తప్పా?

చాక్‌పీసు: పొడవులేవి? ఎదురెదురుగానా, ఒకే వైపా?

రాత్రిచదువు: సారీ అన్నా. 150 మీటర్లు, 200 మీటర్లు. దాటుకుంటాయి అన్నాక ఎదురెదురే కదా!

చాక్‌పీసు: కాదు. వెనక నుంచి వచ్చి దాటినా దాటడమే.

షార్ట్‌కట్‌రాజు: సింపుల్ తమ్ముడూ. వేగాలు కలుపు, 126. దాన్ని 5/18తో గుణిస్తే సెకనుకు 35 మీటర్లు. నీ బండి 150 కాబట్టి 150/35, దాదాపు 4.3 సెకన్లు.

లూప్‌లైన్: అసలు క్రాసింగ్ అంటే ఇది కాదు. సింగిల్ లైన్‌లో ఒక బండి స్టేషన్ లూప్‌లో ఆగి, ఎదురు బండికి దారివ్వడం. పైగా 150 మీటర్ల రైలేమిటి, ఆరేడు పెట్టెలా? 24 పెట్టెల బండి అర కిలోమీటరు ఉంటుంది.

షార్ట్‌కట్‌రాజు: బాబాయ్, పరీక్ష రైల్వే వాళ్లు పెట్టినా లెక్క లెక్కే.

చాక్‌పీసు: రాజు గారి 35 కరెక్టే, 150 దగ్గర జారారు. రెండు ఇంజన్ల ముక్కులు ఎదురుపడ్డప్పుడు గడియారం మొదలు. రెండు బళ్ల ఆఖరి పెట్టెలు ఒకదాన్నొకటి వదిలినప్పుడు ఆపాలి. ఈలోపు రెండు పొడవులూ గడవాలి, అంటే 350. 350/35, పది సెకన్లు.

తమ్ముడూ, నువ్వు 350ని 126తో భాగించావు. పైన మీటర్లు, కింద కిలోమీటర్లు. నిజంగా రెండు బళ్లు మూడు సెకన్లలోపు దాటుకోవాలంటే కలిపిన వేగం గంటకు 420 కి.మీ. దాటాలి, అక్కడే అనుమానం రావాలి.

రాత్రిచదువు: అవును, అదే చేశాను 🤦 మరి ఒకే వైపైతే?

చాక్‌పీసు: వేగాలు తీసెయ్. 72 అంటే సెకనుకు 20 మీటర్లు, 54 అంటే 15. 20లోంచి 15 పోతే 5. పొడవులు మాత్రం అప్పుడూ కలపడమే. 350/5, డెబ్బై సెకన్లు.

షార్ట్‌కట్‌రాజు: నా 4.3 కూడా ఒక పుస్తకంలో చూశానండీ.

చాక్‌పీసు: చూసే ఉంటారు. అది రెండో బండిలో కిటికీ దగ్గర కూర్చున్న మనిషిని మొదటి బండి దాటే సమయం. మనిషికి పొడవు లెక్కలోకి రాదు, 150 ఒక్కటే. ప్రశ్న వేరు.

లూప్‌లైన్: ప్లాట్‌ఫాం అయితే?

రాత్రిచదువు: వచ్చేసింది, థాంక్స్ అన్నా. ఇంకో లెక్కలో రెండో బండి అరగంట ఆలస్యంగా బయలుదేరుతుంది, రేపు పెడతా.

లూప్‌లైన్: అరగంటే? అది ఆలస్యమా?