అప్‌డేట్: టిఫిన్ బాక్సులో ఉల్లి, వెల్లుల్లి వాసన పోయింది

నా పాత ప్రశ్న: "పాప ప్లాస్టిక్ లంచ్ బాక్సు ఎన్నిసార్లు తోమినా వెల్లుల్లి కారం వాసన పోవట్లేదు. చేతులు, కటింగ్ బోర్డు కూడా అంతే. ఏం చేయాలి?"

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. అసలు దొంగ మూతలోని రబ్బరు వాషరు! "ఊడదీసి చూడండి" అన్న అక్క చెప్పిందే నిజమైంది. చెంచా కాడతో లేపితే కింద గాడిలో పసుపురంగు జిడ్డు, నల్లటి చార. ఇన్నాళ్లూ బాక్సునే తోముతున్నాను.

వాషరును గిన్నెల సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో అరగంట ఉంచి, గాడిని పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను. బాక్సు లోపల రెండు చెంచాల వంట సోడాను కాస్త నీళ్లతో ముద్దలా చేసి పూసి, రాత్రంతా వదిలేశాను. పొద్దున కడిగి, మూత తీసి ఎండలో పెట్టాను. మొదటి రోజు వాసన తగ్గింది, రెండో రోజుకి పూర్తిగా పోయింది. పసుపు మరక మాత్రం లేతగా ఉంది, దానికి వాసన లేదు కాబట్టి వదిలేశాను. వాషరుకి ఇంకా వాసన వస్తుంటే మార్చేయడమే.

కాఫీ పొడి మా ఇంట్లో పనిచేయలేదు, రెండు వాసనలూ కలిసి ఇంకా ఘోరంగా తయారైంది.

బోర్డుకి కల్లుప్పు చల్లి నిమ్మచెక్కతో రుద్దితే సరిపోయింది. చేతులకి కూడా ఉప్పే, తర్వాత సబ్బు. వేలు తెగి ఉంటే మాత్రం వద్దు, నాకు చుక్కలు కనిపించాయి. స్టీలు చెంచాతో రుద్దితే పెద్ద తేడా తెలియలేదు.

ఇప్పుడు బాక్సుని మూత పెట్టకుండానే అల్మారాలో పెడుతున్నాను.