‘ఊట నీరు బహిర్గతమగుచున్నట్లు గమనించబడినది’: ఈ వాక్యాన్ని ఎలా విడగొట్టాలి?

వశిష్ఠ తీరం:
మా దగ్గర ఏటిగట్టులో మురుగు కాలువ తూము ఉంది. దాని మీద తనిఖీ నివేదిక వచ్చింది. గట్టు కింద ఇళ్లున్నవాళ్లకు చదివి వినిపించేలా తిరగరాయమని నీటి సంఘం వాళ్లు నాకు అప్పగించారు. నాకు తెలుగు వచ్చు, ఇంజనీరింగ్ రాదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను. అసలు వాక్యం ఇదీ, ఊపిరి బిగబట్టి చదవండి:

“క్షేత్రస్థాయి పరిశీలనలో భాగంగా సదరు తూము యొక్క దిగువ భాగమున కుడి పార్శ్వ గోడ మరియు గట్టు మట్టి కట్టడముల సంధి ప్రదేశమునందు ఊట నీరు బహిర్గతమగుచున్నట్లు గమనించబడినది మరియు సదరు నీటియందు మట్టి రేణువులు గమనించబడనందున తక్షణ ప్రమాదము లేనట్లుగా భావించబడినప్పటికీ, నదీ నీటిమట్టము పెరిగిన పక్షంలో ఊట అధికమగుటకు అవకాశము కలదు కావున వరద కాలమునకు పూర్వమే తగు మరమ్మతులు చేపట్టబడవలసియున్నది.”

నేను ఇలా విడగొట్టాను:

“తూము కుడి గోడ గట్టు మట్టిని కలిసే చోట, దిగువ వైపు, నీరు ఊరుతోంది. ఆ నీటిలో మట్టి లేదు. ఇప్పటికిప్పుడు ప్రమాదం లేదు. గోదావరి పెరిగితే ఊట పెరుగుతుంది. వరదలకు ముందే మరమ్మతు చేయాలి.”

చెవికి బాగానే ఉంది. ఇంజనీరు చెప్పిన మాటే మిగిలిందా, నా మాట దూరిందా?

అచ్చ తెలుగు:
చాలా బాగుందండీ. ‘బడు’ అన్నదాన్ని కనిపించిన చోటల్లా పీకేస్తే సగం పని అయిపోయినట్టే. కర్త తెలిస్తే కర్తను పెట్టండి, తెలియకపోతే క్రియను మార్చండి. ‘షట్టరు మూసివేయబడినది’ అనక్కర్లేదు, ‘షట్టరు మూసుకుంది’ అంటే సరి. తెలుగు క్రియలో ఆ సౌలభ్యం ఉండనే ఉంది.

లాకుల కాడ (రిటైర్డ్ ఇంజనీరు):
సగం వరకే ఒప్పుకుంటాను అచ్చ తెలుగు గారూ. మురుగు కాలువ తూములకు కొన్నిచోట్ల రెక్క తలుపులు ఉంటాయి. ఏరు పెరిగి అటునుంచి నీరు నెట్టగానే వాటంతట అవే మూసుకుంటాయి. వాటికి మీ ‘మూసుకుంది’ సరిపోతుంది. మిగతా చోట్ల షట్టరును మర తిప్పి దించాలి, అంటే మనిషి దించాలి. అక్కడ ‘మూసుకుంది’ అని రాస్తే జరగనిది రాసినట్టు. రేపు ఏదైనా జరిగితే ‘ఎవరు దించారు, ఎప్పుడు దించారు’ అన్న ప్రశ్నకు ఆ వాక్యమే అడ్డం వస్తుంది. ఎవరో తెలియనప్పుడు ‘షట్టరు మూశారు’ అనండి, తెలుగులో కర్త లేకుండానే నిలబడుతుంది. మీరు వెళ్లేసరికే అది దించి ఉంటే ‘మూసి ఉంది’ అనండి. మూడూ మూడు వేర్వేరు సంగతులు.

ఇక వశిష్ఠ తీరం గారి వాక్యాలు. ‘మట్టి లేదు’ అన్నది నివేదికలో లేదు. ‘గమనించబడనందున’ అని ఉంది, అంటే కనిపించలేదు అని. ఈ తేడా ఎందుకంటే, గట్టుకు ఊట పట్టడం కొత్త కాదు. తేటనీరు వస్తున్నంతసేపు గట్టు మట్టి దాని చోటునే ఉందని అనుకోవచ్చు. నీరు మట్టి రంగుకు తిరిగిందంటే లోపలి మట్టి కొట్టుకొస్తోందన్నమాట. బయటికి వచ్చే చోటు నుంచి లోపలికి, ఏటి వైపుకు, బొరియ పెరుగుతూ పోతుంది. పైన గట్టు కుంగేదాకా ఎవరికీ తెలియదు, ఆ తర్వాత గండి. పైగా గోడకు ఆనుకున్న మట్టిని గట్టిగా దిమ్మిస కొట్టడం కష్టం కాబట్టి ఆ సంధి ఎప్పుడూ బలహీనమే. అలాంటి చోట ‘లేదు’ అని రాయాలంటే నాకైతే చెయ్యి ఆడదు. ‘కనిపించలేదు’ అంటే చూసిన మనిషి ఉన్నాడు, చూసిన సమయం ఉంది. రేపు కనిపించవచ్చన్న అర్థమూ అందులోనే ఉంది.

‘పెరుగుతుంది’ కూడా మీరు చేర్చిందే. అసలులో ‘అవకాశము కలదు’ అని ఉంది, కాబట్టి ‘పెరగవచ్చు’. ఏటి మట్టానికీ ఇవతలి మట్టానికీ తేడా పెరిగితే ఊట పెరుగుతుందని నేనైతే ఖాయంగానే అంటాను. కానీ ఆ నివేదిక మీద సంతకం నాది కాదు.

రొయ్యల రైతు:
మా చెరువు నీళ్ల పరీక్షలోనూ ఇదే జరిగింది. ‘అమ్మోనియా కనుగొనబడలేదు’ అని ఇస్తే నేను అసలు లేదనుకున్నాను. ల్యాబు అబ్బాయి చెప్పాడు, వాళ్ల పరికరం పట్టుకోగలిగినంత లేదని మాత్రమే దాని అర్థమట. అది సరే గానీ, ఇంతకీ ఆ తూము ఎప్పుడు బాగు చేస్తారండీ? మా వైపు షట్టరుకు కిందిభాగం తుప్పు తినేసి ఏటి పోటుకు ఉప్పునీళ్లు మురుగు కాలువలోకి ఎక్కుతున్నాయి. అర్జీ ఎవరికి పెట్టాలో చెప్పగలరా?

వశిష్ఠ తీరం:
రైతు గారూ, నేను వాక్యాలు బాగుచేసేవాణ్ణే, తూములు కాదు. కానీ మీ ల్యాబు సంగతి ఇక్కడికి సరిగ్గా సరిపోయింది.

నరసాపురం మాస్టారు:
‘వరద కాలమునకు పూర్వమే’ అన్నది మరీ గాలిలో మాటలా ఉంది. సామాన్యుడికి అర్థమయ్యేలా అంకె ఇవ్వండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ‘మొదటి హెచ్చరికకు ముందే మరమ్మతు చేయాలి’ అంటే స్పష్టంగా ఉంటుంది కదా.

లాకుల కాడ:
స్పష్టంగానే ఉంటుంది మాస్టారూ, కానీ అది వేరే మాట. మొదటి హెచ్చరిక కొన్నేళ్లు జులైలో వస్తుంది, కొన్నేళ్లు ఆగస్టులో వస్తుంది. మీ వాక్యం ప్రకారం ఆగస్టు వరకూ ఆగినా తప్పు లేదు. పైగా 11.75 బ్యారేజీ దగ్గరి మట్టం. ఈ తూము దగ్గర అదే రోజు ఎంత ఉంటుందో ఆ అంకె చెప్పదు. లేని కచ్చితత్వాన్ని మనం తెచ్చిపెట్టకూడదు. గడువు కావాలంటే రాసిన ఇంజనీరునే అడిగి నెల వేయించండి.

అడగవలసింది ఇంకొకటి ఉంది, అన్నిటికంటే ముఖ్యం అదే. ‘దిగువ భాగమున’ అంటే ఎటు? మురుగు కాలువ పొలాల నుంచి ఏటిలోకి దిగుతుంది కాబట్టి నక్షాలో దిగువ అంటే ఏటి వైపు. వరదలో ఏరు ఎత్తుగా ఉండి షట్టరు దించితే నీటి ఒత్తిడి తిరగబడుతుంది. అప్పుడు ఊట బయటపడేది పొలం వైపు, ఆ రోజు చూసినవాడికి అదే దిగువ. ఒకే మాట, గట్టుకు రెండు పక్కలు. మీ తిరగరాతలో ఆ ‘దిగువ’ చెక్కుచెదరకుండా అలాగే ఉంది.

అచ్చ తెలుగు:
అంటే తేలిక మాటలు కూడా మోసం చేస్తాయన్నమాట. ‘దిగువ’లో సంస్కృతం లేదు, ‘బడు’ లేదు.

వశిష్ఠ తీరం:
నివేదిక రాసినాయనతో ఫోనులో మాట్లాడాను. ఓపికగా చెప్పారు. తనిఖీ నాటికి ఏరు ఒక మాదిరిగా పెరిగి ఉంది, షట్టరు దించి ఉంది. ఊట చూసింది పొలం వైపే. నీటిని గాజు సీసాలో పట్టి కాసేపు కదపకుండా ఉంచి చూశారట, అడుగున ఏమీ పేరుకోలేదు. నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తోందో కొలవలేదు. నేను ‘కొద్దిగా’ అని చేర్చనా అంటే వద్దన్నారు. ‘తగు మరమ్మతులు’ అంటే ఏమిటని అడిగితే, గోడ వెంట తవ్వి చూశాకే తేలుతుందన్నారు. ఎవరు చేయాలన్నది పై అధికారి నిర్ణయమట. ‘వరద కాలమునకు పూర్వమే’ అన్నదాన్ని ‘జూన్‌లోపు’ అని రాసుకోమన్నారు.

ఇప్పుడు ఇలా ఉంది:

“తూము కుడి గోడ గట్టు మట్టిని కలిసే చోట, పొలం వైపు, నీరు ఊరుతోంది. తనిఖీ రోజున ఆ నీటిలో మట్టి కనిపించలేదు. ఇప్పటికిప్పుడు ప్రమాదం లేదని తనిఖీ చేసిన ఇంజనీరు అభిప్రాయం. గోదావరి పెరిగితే ఊట పెరగవచ్చు. అందువల్ల జూన్‌లోపు మరమ్మతు చేయాలి.”

లాకుల కాడ:
చాలా మెరుగు. ఒక్కచోట మాత్రం మరీ చిన్నగా కోశారు. అసలు వాక్యంలో ‘గమనించబడనందున’ అని ఉంది చూడండి. మట్టి కనిపించలేదు కాబట్టే ప్రమాదం లేదన్నారు. ఆ ‘కాబట్టి’ మీ కోతలో పోయింది. రెండూ విడివిడిగా ఉంటే వినేవాళ్లు రెండోదాన్నే గుర్తుపెట్టుకుని ఇంటికి పోతారు. కారణం కూడా చెవిన పడితే, రేపు నీరు ఎర్రబడిన రోజున ఆ అభిప్రాయం చెల్లదని వాళ్లకే తోస్తుంది. ఆ రెండిటినీ కలిపే ఉంచండి: “తనిఖీ రోజున ఆ నీటిలో మట్టి కనిపించలేదు కాబట్టి ఇప్పటికిప్పుడు ప్రమాదం లేదని ఇంజనీరు అభిప్రాయం.” కాస్త పొడవైతే అయింది.

అచ్చ తెలుగు:
దాని వెనకే “నీటిలో మట్టి రంగు కనిపిస్తే వెంటనే లస్కరుకు చెప్పండి” అని చేర్చకూడదా? ఊరివాళ్లకు పనికొచ్చేది అదే కదా.

వశిష్ఠ తీరం:
నాకూ చేర్చాలనే ఉంది. కానీ నివేదికలో ఆ మాట లేదు. చేర్చితే అది తిరగరాత అవుతుందా, నా సలహా అవుతుందా?

లాకుల కాడ:
సలహానే. చెప్పవలసిన సలహా కూడా. విడిగా, కింద, నీటి సంఘం పేరుతో వేయండి. నివేదిక సారాంశంలో కలపకండి.

నరసాపురం మాస్టారు:
నేను ఒప్పుకోను. వినే ముసలమ్మకు సారాంశం ఏది, సంఘం మాట ఏది అని తేడా తెలుస్తుందా? అన్నీ ఒకే కాగితం మీద, ఒకే గొంతుతో వింటుంది. ప్రాణాల సంగతి అయినప్పుడు కలిపే చెప్పాలి.

రొయ్యల రైతు:
ఇంకొక మాట. మా వైపు ‘ఊరుతోంది’ అంటే చెలమలో నీరు ఊరినట్టు మంచి సంగతి అనుకుంటారు. ‘గట్టు కారుతోంది’ అంటేనే పరుగెత్తుకొస్తారు.

లాకుల కాడ:
‘కారుతోంది’ అంటే ధార కట్టినట్టు వినబడుతుంది. ఆయన చూసింది ధార కాదు, ఊటే. అలాగని ఆ మాట విని ఎవరూ గట్టు వైపు తిరిగి చూడకపోతే అదీ నష్టమే. దీనికి నా దగ్గర మంచి మాట లేదు.

వశిష్ఠ తీరం:
ప్రస్తుతానికి ‘గట్టులోంచి నీరు ఊరి బయటికి వస్తోంది’ అని పెట్టి ఇంజనీరు గారికి పంపాను. ఆయన ఒప్పుకుంటే ఆదివారం చదువుతాం.